చిట్టా అక్క పరిచయం

మా అక్కను ఆస్పత్రిలో అందరూ చిట్టా అక్క అంటారు. ముఖం మీద కాదు లెండి, అంత ధైర్యం ఎవరికుంది? వెనకాల అంటారు. పక్షవాతం వచ్చినవాళ్ళకూ, తుంటి ఎముక విరిగినవాళ్ళకూ మళ్ళీ లేచి నడవడం నేర్పే వార్డుకు ఆవిడ పెద్ద ఫిజియో. ఆవిడ చెయ్యి పట్టుకుని నడక నేర్చుకున్న ముసలివాళ్ళు బజార్లో ఎదురైతే నాకు కూడా దండం పెడతారు. ఆవిడకు చెల్లెల్ని కావడం తప్ప నేను వాళ్ళకు చేసిందేమీ లేదు. కింది వాటాలో కుట్టుమిషను పెట్టుకుని పిల్లల గౌన్లు, స్కూలు యూనిఫారాలు కుట్టుకుంటాను. పై వాటాలో అక్కా, బావా.

ఆ పేరు ఎలా వచ్చిందంటే, ఆస్పత్రివాళ్ళు ఏటా ఒక పుస్తకం అచ్చు వేస్తారు. అందులో డాక్టర్లవీ, ఇలాంటి పెద్దవాళ్ళవీ పరిచయాలుంటాయి. ఎవరు ఏం చదివారు, ఏం సాధించారు, ఎక్కడ మాట్లాడారు, ఇదంతా. “మీ పరిచయం కొత్తగా రాసి పంపండి” అని ఆఫీసు నుంచి కబురు రాగానే కొమ్ములు తిరిగిన డాక్టర్లు కూడా తలలు పట్టుకుంటారు. పోయిన ఏడాది ఏం చేశామో ఎవరికి గుర్తుంటుంది? ఉన్నదాన్నే మళ్ళీ పంపేస్తారు. ఒకాయన ఎప్పుడో ముగించేసిన పరిశోధన “ప్రస్తుతం చేస్తున్నారు” అని ఏళ్ళ తరబడి అచ్చవుతూనే ఉంది.

మా అక్క మాత్రం కబురు వచ్చిన పూటే పంపేస్తుంది. ఆవిడ దగ్గర చిట్టా ఉంది మరి. కంప్యూటర్లో ఒక పట్టిక. తేదీ, ఏం జరిగింది, ఎక్కడ, అందులో నా పని ఏమిటి, ఋజువు ఏమిటి అని గడులు. ఎక్కడైనా శిక్షణ ఇచ్చినా, ఏ సభలోనైనా మాట్లాడినా, వార్డులో కొత్త పద్ధతి ఏదైనా పెట్టినా ఇంటికొచ్చి చెప్పులు విడిచాక మొదటి పని అందులో ఎక్కించడం. ఏడాది తిరిగాక ఆ వరుసలన్నీ చదివి, ముఖ్యమైనవి నాలుగు ఏరి, పాతవాటిలో వాడిపోయినవి తీసేసి, అనుభవం ఏళ్ళు ఒకటి పెంచి పరిచయం తిరగరాస్తుంది. అదీ మూడు సైజుల్లో. వెబ్‌సైటుకు పొడుగుది, పుస్తకానికి ఒక పేరా, సభలో మైకు పట్టుకునేవాళ్ళకు రెండు ముక్కలు. నేను గౌనుకు పెద్దా చిన్నా కొలతలు పెట్టుకున్నట్టే.

“మన పెళ్ళికి ఋజువు గడిలో ఏం పెట్టావోయ్?” అని బావ ఏడిపించేవాడు.

“మీరే పెద్ద ఋజువు, గడిలో పట్టరు” అనేది అక్క.

ఈ విద్య తన దగ్గర దాచుకుందా అంటే అదీ లేదు. వార్డులో చిన్న ఫిజియోలందరికీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. “జరిగిన రోజే రాసుకోండే. ఏడాది చివర కూర్చుని గోడ కేసి చూస్తే ఏం గుర్తొస్తుంది? మనిషి జ్ఞాపకం చిల్లుకుండ. రాసిందే నమ్మాలి.” మాట మంచిదే, కాదనను. కానీ మంచిమాట చెప్పేవాళ్ళకు ఒక జబ్బుంటుంది, అది తమకు కూడా వర్తిస్తుందని మర్చిపోతారు.

ఆ వార్డులో పిచ్చుక అని ఒక పిల్ల ఉండేది. సన్నగా, చురుగ్గా మంచం మంచానికీ ఎగిరినట్టు తిరిగేదని ఆ ముద్దుపేరు. అక్క దగ్గరే పని నేర్చుకుంది. ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మీదే ఉంది. ఏటా కాంట్రాక్టు ముగిసే వేళకు మళ్ళీ ఉంచుతారో ఊడగొడతారో అని ఆ పిల్ల మొహం పీక్కుపోయేది. పని చెయ్యడం తప్ప చేశానని చెప్పుకోవడం రాని పిల్ల. నోట్లో నాలుక లేదు. అక్క ఎంత పోరినా చిట్టా మాత్రం రాసుకోలేదు. “రాసుకునేంత గొప్ప పనులు నేనేం చేశాను మేడమ్” అనేదట.

ఒక ఏడాది అక్కకు కడుపులో రాళ్ళు తేలాయి. అంతకు ముందే, దూరంగా ఉన్న చిన్న ఆస్పత్రి ఒకదానిలో నర్సులకు రెండు రోజులు శిక్షణ ఇవ్వాలని అక్కకు పిలుపొచ్చింది. పక్షవాతం వచ్చిన మనిషిని నర్సు నడుం విరగ్గొట్టుకోకుండా ఎలా లేపాలి, ఎలా పక్కకు తిప్పాలి, ఇదీ పాఠం. అంతకు ముందు ఏడు కూడా అక్కడే ఇచ్చింది. అక్క ఉత్సాహం ఆగదు కదా, పిలుపు రాగానే చిట్టాలో ఎక్కించేసింది. కాబోయేవి ఎరుపు అక్షరాల్లో రాసుకోవడం, అయ్యాక నలుపు చెయ్యడం ఆవిడ పద్ధతి. పాఠమంతా తయారు చేసుకుంది, నన్ను మంచం మీద పడుకోబెట్టి అటూ ఇటూ దొర్లించి సాధన కూడా చేసింది. తీరా ప్రయాణానికి ముందు నొప్పి ముదిరి ఆపరేషను చెయ్యాల్సి వచ్చింది.

అక్క బదులు పిచ్చుక వెళ్ళింది. ఆఖరి నిమిషంలో కుదిరింది కాబట్టి ఆ పిల్ల పేరున కాగితమూ లేదు, ఉత్తర్వూ లేదు. తన సెలవు రోజుల్లో బస్సెక్కి వెళ్ళి, రెండు రోజులూ శిక్షణ ఇచ్చి, తిరిగి వస్తూ భుజం మీద సంచీతోనే నేరుగా మా ఇంటికొచ్చింది. మెట్లెక్కే ఓపిక లేక అక్క అప్పుడు నా గదిలోనే పడుకునేది. మాత్రల మత్తులో నిద్రపోతోంది.

“లేపొద్దండీ. బాగా జరిగిందని మాత్రం చెప్పండి. మేడమ్ పాఠం కదా, అందరూ చప్పట్లు కొట్టారు” అంది. టీ ఇచ్చాను. ఒక లావుపాటి నర్సు తనను ఎత్తబోయి ఇద్దరూ కలిసి మంచం మీద పడ్డ సంగతి చెప్పి తెగ నవ్వించింది. అక్క లేచాక చెప్పాను. “ఊఁ” అని అటు తిరిగి పడుకుంది.

కోలుకుంది, మళ్ళీ పనిలో పడింది. అంతా మామూలే. మధ్యలో పాత కంప్యూటరు మూలుగుతోందని బావ చిట్టాను అందులోంచి తీసి అక్క ఫోన్లోకి ఎక్కించాడు. అక్షరాలు పోలేదు. రంగులు పోయాయి. ఎరుపూ నలుపూ అన్నీ ఒకే నలుపు. అది అప్పుడెవరూ పట్టించుకోలేదు.

ఏడాది చివర ఆస్పత్రి పుస్తకం వచ్చింది. అక్క పరిచయంలో ఆ శిక్షణ ముచ్చటగా మెరిసిపోతూ ఉంది. అదే వేళకు ఫిజియో పోస్టు ఒకటి పర్మనెంటుగా పడింది. పిచ్చుక అర్జీ పెట్టుకుంది. ఎవరు నేర్పారో గాని, ఈసారి తనూ ఒక పరిచయం రాసి జత చేసింది. అందులో ఆ శిక్షణ రాసుకుంది. సరిచూడమని ఆఫీసువాళ్ళు ఆ కాగితాన్ని వార్డు పెద్దకు, అంటే మా అక్కకే పంపారు.

అక్క ఫోన్ తీసింది. చిట్టా చూసింది. ఉంది. తన పేరుతో, నల్లటి అక్షరాలతో. వెంటనే ఆ లైను పక్కన ఇంటూ కొట్టి, “ఈ శిక్షణ ఇచ్చింది నేను. అభ్యర్థి రాసినవి జాగ్రత్తగా చూసుకోగలరు” అని రాసి సంతకం పెట్టింది. పిచ్చుకను వార్డులో అందరి ముందూ పిలిచి అడిగింది కూడాను.

“నేనే వెళ్ళాను కదా మేడమ్, మీకు బాగా లేదని” అందట ఆ పిల్ల, మెల్లిగా.

“నాకు బాగా లేనిది తర్వాతమ్మా. రాసుకునే అలవాటు లేనివాళ్ళకి ఇలాగే ఉంటుంది. చూసిందీ చేసిందీ కలిసిపోతాయి. ఇదిగో, ఫైల్లో ఉంది చూడు” అని ఫోన్ తిప్పి చూపించిందట మా మహాతల్లి. పిచ్చుక ఫోన్ వంక చూసి తల దించుకుని వెళ్ళిపోయిందట.

ఇదంతా నాకెలా తెలుసంటే, ఇంటర్వ్యూ ముందు రోజు సాయంత్రం అక్కే వచ్చి చెప్పింది. నేను చొక్కాకు బొత్తాలు కుడుతున్నాను. ఆవిడ ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని, చెయ్యి తిప్పుకుంటూ, “కళ్ళు మూసి తెరిచేలోగా ఎంత మారిపోతారే మనుషులు! నోట్లో వేలు పెడితే కొరకని పిల్ల అనుకున్నా. నా ట్రైనింగు తనదని రాసుకుంటుందా?” అంది.

“ఏ ట్రైనింగు?” అన్నాను.

చెప్పింది.

సూది వేలికి గుచ్చుకుంది. “అక్కా, నీకేమైనా మతి పోయిందా? ఆ రెండు రోజులూ నువ్వు నా మంచం మీద కదా ఉన్నావు, పొట్టకి కుట్లతో!”

“అది తర్వాత వారం.”

“ఏ తర్వాత వారం? ఆ పిల్ల బస్సు దిగి నేరుగా ఇక్కడికే వచ్చింది. నువ్వు కూర్చున్న ఆ స్టూలు మీదే కూర్చుని టీ తాగింది. లేచాక నీకు చెప్తే ఊఁ అన్నావు.”

“నేను వెళ్ళానే! నాకు బాగా గుర్తుంది. ఆ హాలు, ఆ కిటికీలు...”

“అది ముందటేడు!”

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి. ఒప్పుకుంటుందా? ఫోన్ తీసి నా ముక్కు కింద పెట్టింది. “ఇదిగో, రాసుంది.” నాకు ఒళ్ళు మండిపోయింది. “రాసింది నువ్వే కదా! మనిషి చెప్తే వినవు, నీ రాతే నీకు వేదం. సరే, ఋజువు గడిలో ఏముందో చూడు” అన్నాను.

చూసింది. పై వరుసకు ఫొటో ఉంది. కింది వరుసకు ధన్యవాదాల ఉత్తరం ఉంది. ఆ వరుసకు మాత్రం గడి ఖాళీ. ఋజువు లేనిదాన్ని పరిచయంలో పెట్టకూడదని వార్డంతా ఉపన్యాసాలిచ్చేది ఈవిడే. చాలాసేపు ఆ గడినే చూసింది. తర్వాత పైకి వెళ్ళి మూలనున్న పాత కంప్యూటరు తెరిపించింది. బావా, నేనూ వెనకాల నిలబడ్డాం. ఆ లైను అక్కడ ఎర్రగానే ఉంది.

అక్కకు తల కొట్టేసినట్టయిపోయింది. బావ జోకు వెయ్యబోయి మానుకున్నాడు. “ఏదో పొరపాటు, ఆపరేషను హడావిడిలో...” అని సర్దబోయాడు.

“పొరపాటు రంగుదండీ. కానీ ఆ పిల్ల నా మొహం మీద నిజం చెప్పింది. విన్నానా నేను? అబద్ధాలకోరని సంతకం పెట్టి మరీ పంపాను” అంది అక్క. అని ఏడ్చింది. మా నాన్న పోయినప్పుడు కూడా మాకందరికీ ధైర్యం చెప్పిన మనిషి, చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. అప్పటిదాకా కోపంగా ఉన్న నాకే జాలేసింది, అయినా ఓదార్చలేదు. ఏమని ఓదార్చాలి?

పిచ్చుకకు ఫోన్ చేసింది. తియ్యలేదు. మళ్ళీ చేసింది. తియ్యలేదు.

మర్నాడు “తోడు రావే” అంది. ఆస్పత్రి ఆఫీసు వరండాలో బెంచీల మీద అభ్యర్థులు కూర్చుని ఉన్నారు. చివరి బెంచీ మీద పిచ్చుక. అక్కను చూడగానే అలవాటు చొప్పున లేచి నిలబడింది. అక్క దగ్గరికి వెళ్ళబోయింది. ఇంతలో లోపలి నుంచి పిచ్చుక పేరు పిలిచారు. ఆ పిల్ల వెనకాలే అక్కా దూసుకుపోయింది. తలుపు సగం తెరిచే ఉంది. గుమ్మం దగ్గర నేను.

బల్ల వెనకాల పెద్ద డాక్టరు గారు, ఇంకో ఇద్దరు. “మేడమ్, మీరు ఇప్పుడు...” అని ఆయన అనేలోగానే అక్క అందుకుంది.

“సర్, ఈ అమ్మాయి కాగితం మీద నేను రాసింది తప్పు. ఆ ట్రైనింగు ఇచ్చింది ఈ అమ్మాయే. నేను ఆ రోజుల్లో ఆపరేషనయి మంచం మీద ఉన్నాను. నా ఫైల్లో ముందే రాసుకున్నది తీసెయ్యకుండా నా పరిచయంలో పెట్టేసుకున్నాను. ఈ అమ్మాయి చెప్తే వినలేదు, అందరి ముందూ కసిరాను. పుస్తకంలో ఉన్నది కూడా అబద్ధమే సర్.”

పెద్ద డాక్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “అంత మాటెందుకండీ. చిన్న పొరపాటు. పుస్తకం ఎలాగూ అచ్చయిపోయింది, ఎవరు చూస్తారు? మనలో మనం సర్దేసుకుందాం.”

“వద్దు సర్. నా రాత మీద ఈ అమ్మాయిని అనుమానించారు కదా, అది నా రాతతోనే పోవాలి. వెబ్‌సైటులో ఇవాళే తీయించండి. పుస్తకంలో సవరణ కాగితం పెట్టించండి. నేను రాసిన దాని మీద నేనే కొట్టేసి సంతకం పెడతాను, ఇటివ్వండి.” తోటి ఉద్యోగుల ముందు అలా నిలబడడం ఆవిడకు ఎలా ఉందో నాకు తెలుసు. మా అక్క సిగ్గుతో చచ్చిపోతోంది, నేను గుమ్మంలో ఆవిడతోపాటే చస్తున్నాను.

ఆయన ఫైలు తిరగేసి ఒక కాగితం తీసి, సందేహంగా అటూ ఇటూ తిప్పారు. “కానీ మేడమ్, ఇందులో ఆ ట్రైనింగే లేదు. ఈ అమ్మాయి మొన్న వచ్చి పాత పరిచయం వెనక్కి తీసుకుని కొత్తది ఇచ్చి వెళ్ళింది.”

అక్క ఆ కాగితం అందుకుంది. చదువు, ఎప్పుడు చేరింది. రెండే రెండు లైన్లు. ఇన్నేళ్ళ పని ఏదీ లేదు.

“మిగతావన్నీ ఏవే?” అంది అక్క.

పిచ్చుక నేల చూపులు చూస్తూ చెప్పింది. “దేనికీ నా దగ్గర కాగితం లేదు మేడమ్. మీరే కాదన్నాక ఇక ఎవరు నమ్ముతారు? ఇంకోటి కూడా తప్పంటే ఉన్న పేరు కూడా పోతుందని అన్నీ తీసేశాను.”

అక్క ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టి, తిప్పి, వెనక వైపు తెల్లగా ఉన్నచోట పెన్నుతో రాయడం మొదలుపెట్టింది. ఆ శిక్షణ. వార్డులో మంచాల పక్కన పట్టుకుని లేచే కమ్మీల ఎత్తు మార్పించింది పిచ్చుకేనని. ఇంటికి వెళ్ళిపోయిన రోగులకు వారం వారం ఫోన్ చేసే పద్ధతి పెట్టింది పిచ్చుకేనని. మాట పడిపోయిన వాళ్ళ కోసం బొమ్మల అట్టలు గీసింది పిచ్చుకేనని. ఒక్కోటి రాసినప్పుడల్లా తలెత్తి, “ఇది నువ్వే కదూ?” అని అడుగుతోంది. “అవును మేడమ్” అంటోంది ఆ పిల్ల. ఫోన్ల పద్ధతి దగ్గరికి వచ్చేసరికి అక్క పెన్ను ఆగింది. అది కూడా తన పరిచయంలో ఉంది. మొదట ‘మా వార్డులో పెట్టాం’ అని రాసుకున్నది, ఏళ్ళు గడిచేసరికి ‘మా’ పోయి, ఆవిడే పెట్టినట్టు ‘ప్రవేశపెట్టారు’ అని మిగిలింది. దాన్ని కూడా తీసెయ్యమని పెద్ద డాక్టరు గారికి చెప్పింది. ఈసారి తలెత్తి చెప్పలేదు. కింద సంతకం పెట్టి, తేదీ వేసి, నన్ను దాటుకుంటూ బయటికి వచ్చేసింది.

ఆ శిక్షణ జరిగిన ఆస్పత్రికి ఆఫీసువాళ్ళు ఫోన్ చేసి కనుక్కున్నారు. వాళ్ళ హాజరు పుస్తకంలో పిచ్చుక సంతకమే ఉంది. పోస్టు పిచ్చుకకే వచ్చింది. వెబ్‌సైటులో అక్క పరిచయం సగమయింది. వరండాల్లో గుసగుసలు, పకపకలు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకన్నట్టు, మిగతా వార్డుల ఫిజియోలు “చిట్టా అక్క చిట్టాకే తూట్లు పడ్డాయట” అని నవ్వుకోవడం అక్క చెవిన పడింది. పడనీ అంది. ఆ నవ్వు తనకు బాకీయేనంది.

పోస్టు ఉత్తర్వు ఇచ్చేటప్పుడు ఏ వార్డు కావాలో రాసిమ్మని పిచ్చుకను అడిగారట. వచ్చిన రోజు నుంచీ అక్క వార్డు తప్ప మరో వార్డు ఎరగని పిల్ల. పిల్లల వార్డు రాసిచ్చింది. అది ఆవరణలో ఆ చివర, వేరే భవనంలో.

వెళ్ళే ముందు అక్క దగ్గరికి వచ్చి చెప్పి వెళ్ళింది. ఆ సాయంత్రం అక్క నా దగ్గరికొచ్చి స్టూలు మీద కూర్చుంది. నేను మిషను ఆపాను.

“ఏమంది?” అన్నాను.

“నాలుగు దులిపినా బాగుండేదే. మీ దగ్గర చాలా నేర్చుకున్నాను మేడమ్ అని, నమస్కారం పెట్టి వెళ్ళింది. నేను కూడా నమస్కారం పెట్టాను. ఉండవే అని మాత్రం అడగలేకపోయాను.”